ఫాగ్ ఆఫ్ వార్ డైరీ: చూసిన గడి, చూస్తున్న గడి

స్ట్రాటజీ గేమ్ మ్యాప్‌లో ప్రతి గడికీ ఒక్కో ఆటగాడి లెక్కలో మూడు స్థితులుంటాయి. ఇంతవరకూ చూడని గడి నల్లగా ఉంటుంది. ఒకసారి చూసి వచ్చేసిన గడి మసకగా ఉంటుంది: నేల ఎలా ఉందో తెలుస్తుంది, అక్కడ ఇప్పుడు ఎవరు తిరుగుతున్నారో తెలియదు. ఈ క్షణంలో మన యూనిట్ చూపులో ఉన్న గడి పూర్తి వెలుతురులో ఉంటుంది. మ్యాప్‌ని ఇలా కప్పే చీకటినీ మసకనీ కలిపి ఫాగ్ ఆఫ్ వార్, అంటే యుద్ధపు మంచు, అంటారు. 1995లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 2 ఆడినవాళ్లకు ఈ మూడూ పరిచయమే.

నిల్వ చేయాల్సింది మాత్రం రెండే: చూసిందా, చూస్తోందా. ఈ రెంటి స్వభావం వేరు. ‘చూసింది’ ఒకసారి నిజమైతే ఆట ముగిసేదాకా నిజమే. దానికి ఒక్క బిట్ చాలు, చెరపాల్సిన పనే రాదు. ‘చూస్తోంది’ని యూనిట్ కదిలినప్పుడల్లా వెనక్కి తీసుకోవాలి. కింద నమోదు చేసిన బగ్గుల్లో ఎక్కువ భాగం ఈ వెనక్కి తీసుకునే చోట పుట్టినవే.

దశ 0: కొలతలు

మ్యాప్ 256×256, అంటే 65,536 గళ్లు. ఆటగాళ్లు 8 మంది, ఒక్కొక్కరికి 200 యూనిట్లు, మొత్తం 1,600. చూపు మేర 8 గళ్లు. సిమ్యులేషన్ సెకనుకు 10 టిక్‌లు. ఏ సమయంలోనైనా సగం యూనిట్లు కదులుతున్నాయని, కదిలేది సెకనుకు 2 గళ్లు దాటుతుందని అనుకున్నాం. అంటే సెకనుకు 1,600 సార్లు ఏదో ఒక యూనిట్ గడి మారుతుంది.

పోల్చడానికి గడియారం వాడలేదు. గడి మీద ఎన్నిసార్లు రాశామో లెక్కపెట్టాం. మిల్లీసెకన్లు కంప్యూటర్‌ని బట్టి మారిపోతాయి, రాతల సంఖ్య మారదు. ఇదే పద్ధతి ఎవరు వేసినా ఇవే అంకెలు రావాలి.

దశ 1: వృత్తం ఆకారం

`x*x + y*y <= r*r` అని రాస్తే నాలుగు కొనల్లో ఒక్కో గడి ముల్లులా పొడుచుకొస్తుంది. మేర 8కి ఆ వృత్తంలో 197 గళ్లుంటాయి, పై వరసలో ఒకే ఒక్క గడి ఉంటుంది. తెర మీద అది కంటికి గుచ్చుకుంటుంది. హద్దును `r*r + r` చేస్తే వృత్తం అర గడి పెరిగినట్టవుతుంది. పై వరసలో 5 గళ్లు వస్తాయి, మొత్తం 225.

ప్రతి వరసకీ సగం వెడల్పును ముందే లెక్కేసి పెట్టుకోవాలి:

```c
int lim = r*r + r;
for (int dy = -r; dy <= r; dy++) {
    int w = 0;
    while ((w+1)*(w+1) + dy*dy <= lim) w++;
    half[dy + r] = w;
}
```

మేర 8కి నడి వరస నుంచి బయటికి 8, 8, 8, 7, 7, 6, 6, 4, 2 రావాలి. వేరే అంకెలు వస్తే ముందుకు పోకుండా ఇక్కడే సరిచేసుకోండి.

దశ 2: అంతా చెరిపి మళ్లీ గీయడం

ప్రతి టిక్‌లో వెలుతురు మొత్తం తుడిచేసి, ప్రతి యూనిట్ చుట్టూ మళ్లీ వృత్తం వేయడం అన్నిటికంటే తేలిక పద్ధతి.

1. తుడవడం: 8 × 65,536 = 5,24,288 రాతలు.
2. గీయడం: 1,600 × 225 = 3,60,000 రాతలు.
3. టిక్‌కి 8,84,288. సెకనుకు 88,42,880.

చెట్లూ గుట్టలూ చూపుకి అడ్డం రాని మైదానంలో ఇవాళ్టి కంప్యూటర్‌కి ఇది బరువేమీ కాదు. చిన్న గేమ్ అయితే ఇక్కడే ఆగిపోవచ్చు. ఇది పనికిరాకపోవడానికి కారణాలు వేరే ఉన్నాయి. మొదటిది, చూపుకి అడ్డంకులు పెట్టగానే నిలబడి ఉన్న యూనిట్‌కి కూడా ప్రతి టిక్‌లో చూపు మళ్లీ లెక్కకట్టాల్సి వస్తుంది. రెండోది, ‘ఈ గడి ఇప్పుడే వెలుగులోకి వచ్చింది’, ‘ఇప్పుడే మసకబారింది’ అన్న సంగతి ఈ పద్ధతిలో దానంతటది తెలియదు. శత్రువు భవనం ఆఖరిసారి ఎలా కనబడిందో గుర్తుంచుకోవాలంటే ఆ సంగతే కావాలి.

ఈ కోడ్‌ని తీసిపారేయొద్దు. దశ 5లో దీనితోనే పని.

దశ 3: గడికో కౌంట్

ప్రతి ఆటగాడికీ, ప్రతి గడికీ ‘ఎన్ని యూనిట్లు చూస్తున్నాయి’ అన్న సంఖ్య పెట్టాలి. యూనిట్ గడి మారినప్పుడు కొత్త వృత్తానికి ఒకటి కలిపి, పాత వృత్తం నుంచి ఒకటి తీసేయాలి. 0 నుంచి 1 అయితే వెలుతురు బిట్, చూసిన బిట్ రెండూ పెట్టాలి. 1 నుంచి 0 అయితే వెలుతురు బిట్ మాత్రం తీయాలి. నిలబడి ఉన్న యూనిట్‌కి ఖర్చు సున్నా.

రాతల లెక్క: 1,600 × (225 + 225) = సెకనుకు 7,20,000. దశ 2తో పోలిస్తే సుమారు 12 రెట్లు తక్కువ.

ఓపెన్ సోర్స్ గేమ్‌లలో ఇదే పద్ధతి చూడొచ్చు. ఓపెన్‌ఆర్‌ఏలోని `Shroud.cs` గడికో కౌంట్ ఉంచుతుంది. 0 ఏ.డీ. గేమ్‌లోని `CCmpRangeManager` కూడా కౌంట్లే వాడుతుంది, పైగా యూనిట్ కాస్త జరిగితే మారిన అంచుల్నే దిద్దుతుంది.

ఈ దశలో వచ్చిన బగ్గులు:

8 బిట్ల కౌంట్. 200 యూనిట్లకి 255 చాలుననిపిస్తుంది. కానీ భవనాలు కూడా చూస్తాయి. 200 యూనిట్లు, 60 భవనాలు ఒకేచోట కిక్కిరిస్తే 256వ చూపు దగ్గర కౌంట్ తిరిగి 0 అవుతుంది, సైన్యం నడిబొడ్డున గడి మసకబారుతుంది. పెద్ద యుద్ధాల్లో తప్ప ఇది బయటపడదు కాబట్టి చిన్న టెస్ట్ మ్యాప్‌లో ఎంత ఆడినా దొరకదు. కౌంట్‌ని `uint16_t` చేశాం.

చూపు మేర పెంచే అప్‌గ్రేడ్. అప్‌గ్రేడ్‌తో మేర 8 నుంచి 9 అయింది. ఆ తర్వాత యూనిట్ కదిలితే పాత వృత్తాన్ని తీసేసే కోడ్ కొత్త మేర 9నే వాడింది. మేర 9 వృత్తంలో 293 గళ్లుంటాయి. కలిపింది 225, తీసింది 293. మధ్యలోని 68 గళ్లకు ఎన్నడూ కలపని ఒకటిని తీసేసినట్టయింది. అక్కడ వేరే యూనిట్ చూపు లేకపోతే కౌంట్ 0 నుంచి 65,535కి దూకుతుంది.

దీని లక్షణం అందరికీ ఒకేలా ఉండదు, అందుకే పట్టుకోవడం కష్టం. కౌంట్ సున్నా కాకపోతే వెలుతురు అని చూసే కోడ్‌లో ఉంగరం ఆకారంలో గళ్లు ఎవరూ లేకపోయినా వెలుగుతూనే ఉంటాయి. 0 నుంచి 1కి మారినప్పుడే బిట్ పెట్టే కోడ్‌లో దీనికి సరిగ్గా వ్యతిరేకం: మొదటి యూనిట్ వచ్చినప్పుడు కౌంట్ 65,535 నుంచి 0 అవుతుంది, బిట్ పడదు, యూనిట్ చీకట్లో నిలబడుతుంది. రెండో యూనిట్ వస్తేనే వెలుతురు. ఉంగరం కనిపించినా, ఎప్పుడూ ఒక యూనిట్ వెనకబడి వెలుతురు వచ్చినా కారణం ఇదే.

మందు రెండు భాగాలు. తీసేముందు `assert(count[t] > 0)` తప్పనిసరి. అసలు మందేమిటంటే, తీసేటప్పుడు మళ్లీ లెక్కకట్టకుండా కలిపినప్పుడు ఏం రాశామో అదే తీయడం. పద్దులో రాసిన మొత్తమే కొట్టేయాలి, ఇవాళ్టి ధర చూసి కాదు. ఓపెన్‌ఆర్‌ఏ కూడా ప్రతి చూపుకీ అది వెలిగించిన గళ్ల జాబితా దాచుకుని, తీసేటప్పుడు ఆ జాబితానే వాడుతుంది.

ముందు తీసి తర్వాత కలపడం. ఒంటరి యూనిట్ ఒక గడి జరిగితే, ముందు తీసినప్పుడు 225 గళ్లూ మసకబారి, కలిపినప్పుడు మళ్లీ వెలుగుతాయి. తెర మీద ఏమీ కనబడదు, ఎందుకంటే టిక్ పూర్తయ్యేసరికి అంతా సరిగ్గానే ఉంటుంది. కానీ ప్రతి మార్పుకీ ఈవెంట్ పంపితే భవనాల జ్ఞాపకం కోడ్ ప్రతి అడుగుకీ వందల సార్లు నడుస్తుంది. శత్రువు కనిపిస్తే ఎదురు కాల్చే యూనిట్ అయితే గురి వదిలేసి మళ్లీ మొదలుపెడుతుంది. ముందు కలిపి, తర్వాత తీయాలి.

ఎడమ అంచు. గడి సూచిక `y*256 + x`. యూనిట్ x = 3 దగ్గరుంటే చూపు x = −5 దాకా పోతుంది, ఆ సూచిక పై వరసలో x = 251 మీద పడుతుంది. ఎడమ అంచున నిలబడితే కుడి అంచున, ఒక వరస పైన, వెలుతురు చార కనిపించిందంటే ఇదే.

మెమరీ, ఈ దశ వరకు: కౌంట్లు 65,536 × 8 × 2 = 10,48,576 బైట్లు. చూసిన మాస్క్ గడికో బైట్, అందులో ఆటగాడికో బిట్: 65,536. వెలుతురు మాస్క్ అలాగే 65,536. మిత్రపక్షాల చూపు పంచుకోవడానికి మాస్క్ బాగా కలిసొస్తుంది: `visible[t] & allies` సున్నా కాకపోతే కనబడుతున్నట్టే.

కౌంట్లను ఆటగాడి వారీగా వేరువేరు పలకలుగా పెట్టాలి. ఒక యూనిట్ ఒక వరసలో 17 గళ్లు దిద్దితే అవి 34 బైట్లు, ఒకటి రెండు క్యాష్ లైన్లలో పడతాయి. ఎనిమిది మంది కౌంట్లనూ గడి పక్కన గడి కలిపి పెడితే అదే వరస 5 లైన్లను తాకుతుంది.

దశ 4: చెట్లు, గుట్టలు, వరస మాస్కులు

అడ్డంకులు వచ్చాక చూపు ఆకారం ప్రతి గడి దగ్గరా వేరు. వెలిగించిన గళ్లను దాచుకోవడం ఇప్పుడు తప్పనిసరి. జాబితాగా దాచితే 225 సూచికలు, ఒక్కో యూనిట్‌కి 450 బైట్లు. దానికన్నా వరసకో `uint32_t` మాస్క్ మేలు. మేర 8కి 17 వరసలు, 68 బైట్లు. 1,600 యూనిట్లకు 1,08,800 బైట్లు. దీన్ని ముద్ర అందాం.

యూనిట్ గడి మారితే:

1. కొత్త గడి నుంచి చూపు లెక్కకట్టి కొత్త ముద్ర తయారుచేయాలి.
2. మ్యాప్ అంచు దాటిన బిట్లను ఇప్పుడే కోసేయాలి. దాచే ముద్రలో అంచు బయటి బిట్ ఉండకూడదు. ఎడమ అంచు బగ్ ఇక్కడితో పోతుంది.
3. పాత, కొత్త ముద్రల తేడా తీసి, ఆ తేడాకే కౌంట్లు దిద్దాలి.
4. పాత దాని స్థానంలో కొత్తది దాచాలి.

మూడో అడుగు కోడ్:

```c
for (int i = -1; i <= 2*r + 1; i++) {
    uint64_t n = row(now, i) << (dx + 1);
    uint64_t o = row(old, i + dy) << 1;
    uint64_t add = n & ~o;   // కొత్తగా వెలిగేవి
    uint64_t del = o & ~n;   // వదిలేసేవి
    apply(add, del, i);
}
```

ఇక్కడ `dx`, `dy` కొత్త స్థానం నుంచి పాతది తీసేయగా వచ్చేవి, −1 నుంచి 1 లోపు. `row` పరిధి దాటితే 0 ఇవ్వాలి, ఇచ్చేది `uint64_t` అయ్యుండాలి. లూప్ −1 నుంచి మొదలవ్వడం పొరపాటు కాదు: యూనిట్ కిందికి జరిగితే పాత ముద్ర పై వరస కొత్త ముద్రకి బయట ఉంటుంది. ఆ వరసని వదిలేస్తే యూనిట్ వెనకాల వెలుతురు చారలు మిగిలిపోతాయి.

రవాణా ఓడ యూనిట్లను దూరంగా దింపినప్పుడు `dx` 40 కావచ్చు, 100 కావచ్చు. సీలో 64 బిట్ల సంఖ్యని 64 లేదా అంతకుమించి జరపడం నిర్వచనం లేని పని. ఎక్స్86 ప్రాసెసర్ జరుపుడు సంఖ్యలో కింది 6 బిట్లే చూస్తుంది కాబట్టి 64 జరపమంటే అసలు జరపదు, తప్పుడు తేడా నిశ్శబ్దంగా వస్తుంది. ఒక గడికన్నా ఎక్కువ దూకితే తేడా దారి వదిలి, కొత్త ముద్ర మొత్తం కలిపి, పాత ముద్ర మొత్తం తీసేయాలి.

రాతల లెక్క, మైదానంలో: నిలువుగానో అడ్డంగానో ఒక గడి జరిగితే 17 కలపడం, 17 తీయడం, మొత్తం 34. మూలగా జరిగితే 25, 25, మొత్తం 50. అన్ని కదలికలూ మూలవే అనుకున్నా సెకనుకు 1,600 × 50 = 80,000. దశ 3లో 7,20,000 ఉండేది.

ఇప్పుడు బరువు రాతల మీద లేదు, చూపు లెక్కకట్టడం మీదుంది. 225 గళ్లకూ ఒక్కో గీత లాగితే (బ్రెసెన్‌హామ్ పద్ధతి) ఒక్కో గీత 8 గళ్ల దాకా నడుస్తుంది, యూనిట్ పక్కనున్న గళ్లను పదేపదే పరీక్షిస్తుంది. పైగా ఇటు నుంచి లాగిన గీతా అటు నుంచి లాగిన గీతా వేర్వేరు గళ్ల మీదుగా పోవచ్చు. అప్పుడు విలుకాడు శత్రువుని చూస్తాడు, అదే మేర ఉన్న శత్రువు అతణ్ని చూడడు. సిమెట్రిక్ షాడోక్యాస్టింగ్‌కి మారితే రెండూ తీరతాయి. అది యూనిట్ దగ్గర్నుంచి వరస వరసగా బయటికి పోతూ, అడ్డంకి వెనకనున్న కోణాన్ని మూసేస్తుంది, కాబట్టి ఒక్కో గడిని దాదాపు ఒకసారే చూస్తుంది. సెకనుకు సుమారు 1,600 × 225 = 3,60,000 చదవడాలు.

చెట్టు కొట్టేస్తే. దశ 3లో ఉన్నట్టు తీసేటప్పుడు చూపు మళ్లీ లెక్కకట్టే కోడ్ అయితే ఇక్కడ కౌంట్లు కుప్పకూలుతాయి, ఎందుకంటే చెట్టు ఉన్నప్పుడు కలిపిన గళ్లు వేరు, లేనప్పుడు తీసే గళ్లు వేరు. ముద్ర దాచుకున్నాక కౌంట్లు చెడవు. ఇంకో చిక్కు మిగులుతుంది: పక్కనే కదలకుండా నిలబడ్డ యూనిట్‌కి చెట్టు పోయిన సంగతి తెలియదు, అది కదిలేదాకా చెట్టు నీడ అలాగే ఉంటుంది. మ్యాప్‌ని 16×16 గళ్ల ముక్కలు చేసి (మొత్తం 256 ముక్కలు), ఏ ముక్కలో ఏ యూనిట్లున్నాయో జాబితా ఉంచాలి. చెట్టు పడితే దాని ముక్క, చుట్టూ ఉన్న 8 ముక్కల్లోని యూనిట్లకు ‘చూపు పాతబడింది’ అని గుర్తు పెట్టాలి. మేర 16 దాటనంతవరకు ఈ తొమ్మిది ముక్కలు చాలు. లెక్క మాత్రం టిక్ చివర ఒక్కసారే. ఒకే టిక్‌లో పది చెట్లు పడ్డా యూనిట్‌కి ఒక్క లెక్కే.

ఈవెంట్లు కూడా టిక్ చివరికే వాయిదా వేశాం. ఒక యూనిట్ లోపల తేడా పద్ధతి మినుకుమినుకుని ఆపేస్తుంది. కానీ ఒక యూనిట్ వదిలిన గడిలోకి అదే టిక్‌లో ఇంకోటి చూపు పెడితే మళ్లీ 1, 0, 1 అవుతుంది. అందుకని కిందటి టిక్ వెలుతురు మాస్క్ నకలు ఒకటి ఉంచి, తాకిన గళ్ల జాబితాని చివర్లో దానితో పోల్చి, నిజంగా మారినవాటికే ఈవెంట్ పంపుతాం. అందుకు మరో 65,536 బైట్లు.

మెమరీ, ఈ దశ వరకు: 13,53,984 బైట్లు.

దశ 5: తనిఖీ

కౌంట్లు ఒకసారి చెడితే వాటంతట అవి బాగుపడవు. బగ్ జరిగిన చోటికీ కనబడే చోటికీ మధ్య నిమిషాలు గడిచిపోతాయి. అందుకే డీబగ్ బిల్డ్‌లో తనిఖీ ఎప్పుడూ నడుస్తూ ఉండాలి.

1. ప్రతి 100 టిక్‌లకోసారి దశ 2 కోడ్‌తో కౌంట్లు మొదటి నుంచీ కట్టాలి. వృత్తాల బదులు షాడోక్యాస్టింగ్ వాడాలి.
2. నడుస్తున్న కౌంట్లతో గడి గడీ పోల్చాలి.
3. తేడా వస్తే ఆటగాడు, గడి, రెండు కౌంట్లూ అచ్చువేసి అక్కడే ఆపాలి.
4. ఆట చివర యూనిట్లు, భవనాలు అన్నిటినీ తొలగించి, ప్రతి కౌంట్ 0 అని చూడాలి.

తేడా ఎటువైపు అన్నదే సగం జవాబు. నడుస్తున్న కౌంట్ ఎక్కువుంటే ఎక్కడో తీయడం మరిచారు: చనిపోయిన యూనిట్, ఓడెక్కిన యూనిట్, పక్షం మారిన యూనిట్ చూడండి. పక్షం మారినప్పుడు పాత యజమాని పలకలోంచి తీసి కొత్త యజమాని పలకలో కలపాలి. యజమాని పేరు ముందే మార్చేసి తర్వాత తీస్తే ఇద్దరి కౌంట్లూ చెడతాయి. తక్కువుంటే రెండుసార్లు తీశారు. ఒకే టిక్‌లో రెండు బాణాలు తగిలి, మరణం కోడ్ రెండుసార్లు నడిస్తే ఇలా అవుతుంది.

దశ 6: తెర మీదికి

ఆటగాడి గళ్లను 256×256 ఒక్క ఛానెల్ టెక్స్చర్‌గా పంపాలి: చీకటికి 0, మసకకి 128, వెలుతురుకి 255. మరో 65,536 బైట్లు, మొత్తం 14,19,520.

ఓపెన్‌జీఎల్‌లో వరస పొడవు 4 బైట్లకు సర్దుబాటై ఉంటుందని డిఫాల్ట్. 256 వెడల్పు మ్యాప్‌లో అంతా బాగుంటుంది. 250 వెడల్పు మ్యాప్ వేయగానే మంచు మొత్తం ఏటవాలుగా వాలిపోతుంది, ఎందుకంటే ప్రతి వరసకీ 252 బైట్లు చదువుతుంది. పంపేముందు ఇది పెట్టాలి:

```c
glPixelStorei(GL_UNPACK_ALIGNMENT, 1);
```

మంచు అర గడి పక్కకి జరిగినట్టుంటే గడి నడిబొడ్డు మీ ప్రపంచ నిర్దేశాంకాల్లో ఎక్కడుందో చూడండి. గడి మూల పూర్ణాంకం మీదుంటే `u = x / 256.0` సరిపోతుంది. నడిబొడ్డు పూర్ణాంకం మీదుంటే `(x + 0.5) / 256.0` కావాలి.

వెలుతురు మెల్లగా పెరిగి తగ్గితే కంటికి హాయిగా ఉంటుంది. ఆ మెల్లగా మారే విలువని తెర కోసమే ఉంచాలి. కాల్చొచ్చా లేదా అన్నది కౌంట్ల నుంచే రావాలి. లాక్‌స్టెప్ నెట్‌వర్క్‌లో ఒక్కో కంప్యూటర్ ఫ్రేమ్ వేగం వేరు కాబట్టి, మసక విలువని సిమ్యులేషన్ చదివితే ఆటలు ఒకదానితో ఒకటి తప్పిపోతాయి.

దశ 7: సేవ్, లోడ్

ఫైల్‌లో చూసిన మాస్క్‌ని మాత్రమే రాయాలి. కౌంట్లు, ముద్రలు, వెలుతురు మాస్క్ ఏవీ అక్కర్లేదు. అన్నీ యూనిట్ల స్థానాల నుంచి మళ్లీ పుడతాయి. కౌంట్లు కూడా రాసి, లోడ్ అయ్యాక యూనిట్లు తమ చూపు కలుపుకుంటే ప్రతి కౌంట్ రెట్టింపవుతుంది, లోడ్ చేసిన ఆటలో వెలుతురు ఎప్పటికీ ఆరదు.

లోడ్ క్రమం: మొదట చెట్లు, గుట్టలు, భవనాలు మ్యాప్ మీద పెట్టాలి. అప్పుడు యూనిట్లు, భవనాలు అన్నిటి చూపు కలపాలి. కిందటి టిక్ మాస్క్‌కి వెలుతురు మాస్క్ నకలు వేయాలి, లేకపోతే మొదటి టిక్‌లోనే కనబడుతున్న ప్రతి గడికీ ‘ఇప్పుడే వెలిగింది’ అన్న ఈవెంట్ పోతుంది. ఆ తర్వాతే సిమ్యులేషన్ మొదలుపెట్టాలి.

మేర 15 దాటే కాపలా బురుజు పెట్టాలనుకుంటే వరస `uint32_t`లో పట్టదు. మేర 20కి 41 బిట్లు కావాలి, ముద్రని `uint64_t` చేస్తే సరిపోతుంది. బురుజు కదలదు కాబట్టి తేడా కోడ్ ముట్టుకోనక్కర్లేదు. చెట్టు గుర్తు పెట్టే తొమ్మిది ముక్కల నియమం మాత్రం 16 దగ్గరే ఆగిపోతుంది, బురుజుల కోసం చుట్టూ ఇంకో వరుస కలిపి 25 ముక్కలు వెతకాలి.